స్కిల్స్ లిస్ట్‌లో తేలిపోయే మాట ఉద్యోగ వివరాల్లో ఎందుకు నిలబడుతుంది

టాలీ ప్రైమ్, జీఎస్టీ, టీడీఎస్, అడ్వాన్స్‌డ్ ఎక్సెల్, బ్యాంక్ రికన్సిలియేషన్, ఎంఎస్ ఆఫీస్, టీమ్ వర్క్. హైదరాబాద్‌లో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి వచ్చే రెజ్యూమేల్లో ఈ వరుస దాదాపు ఇలాగే ఉంటుంది. కొందరు టాలీ ముందు రాస్తారు, కొందరు ఎక్సెల్ ముందు రాస్తారు, అంతే తేడా. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు పూర్తి చేసి నిన్న బయటికొచ్చిన కుర్రాడి రెజ్యూమేలోనూ ఇవే మాటలుంటాయి. రాణీగంజ్‌లో పంపులు, పైపులు అమ్మే హోల్‌సేల్ షాపు లెక్కలన్నీ ఐదేళ్లుగా మోస్తున్న అమ్మాయి రెజ్యూమేలోనూ ఇవే మాటలుంటాయి. వచ్చిన రెజ్యూమేలు చదివి ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఆ లిస్ట్ ఒక్కటే చూసి ఈ ఇద్దరిలో ఎవరికి పని వచ్చో చెప్పమంటే నేను చెప్పలేను.

దీనివల్ల నష్టపోయేది ఎక్కువగా ఆ రాణీగంజ్ అమ్మాయే. పని రానివాళ్లకి లిస్ట్ వల్ల పోయేదేమీ లేదు. వచ్చినవాళ్లు మాత్రం తమ దగ్గరున్నదాన్ని రానివాళ్ల మాటల్లోనే చెప్పి వాళ్లతో సమానమైపోతారు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాయాలనిపించింది. ఐటీ ఉద్యోగాల గురించి ఇలాంటివి చాలామంది రాశారు కాబట్టి అకౌంట్స్ నుంచే ఒక్క పని తీసుకుంటాను. ఆ ఒక్క పని లిస్ట్‌లో ఎలా కనిపిస్తుందో, ఉద్యోగం కింద రాసే బుల్లెట్ పాయింట్‌లో ఎలా కనిపిస్తుందో చూద్దాం.

ముందు అసలు కారణం. లిస్ట్‌లో ఒక మాట చేర్చడానికి ఖర్చు లేదు, శ్రమ లేదు, ప్రమాదం కూడా పెద్దగా లేదు. 1973లో మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త ఉద్యోగాల మార్కెట్ మీద ఒక వ్యాసం రాశాడు. 2001లో ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది, మరో ఇద్దరితో కలిపి. ఉద్యోగం ఇచ్చేవాడికి ఎదుటివాడి సామర్థ్యం కంటికి కనిపించదు, అందుకే ఏదో ఒక గుర్తును చూసి అంచనా వేస్తాడు అన్నది ఆయన మొదలుపెట్టిన చోటు. ఆ గుర్తు పనికిరావాలంటే, సామర్థ్యం లేనివాడికి దాన్ని చూపించడం ఉన్నవాడికంటే బాగా కష్టంగా ఉండాలి. ఇద్దరికీ ఒకే తేలికలో దొరికే గుర్తు ఎవరినీ విడదీయదు. స్పెన్స్ చదువుల గురించి చెప్పిన లెక్క ఇది. స్కిల్స్ లిస్ట్‌కి అచ్చంగా సరిపోతుంది. ‘జీఎస్టీ’ అని రాయడానికి పని వచ్చినవాడికీ రానివాడికీ అవే రెండు సెకన్లు పడతాయి.

బుల్లెట్ పాయింట్ రాయడం ఇద్దరికీ ఒకే తేలిక కాదు. ఎందుకో తెలియాలంటే పనిలోకి దిగాలి.

మన రాణీగంజ్ షాపు నెలకి దాదాపు 350 బిల్లుల మీద సరుకు కొంటుందనుకుందాం. సుమారు 90 పార్టీల నుంచి. ప్రతి బిల్లు మీద షాపు కట్టిన జీఎస్టీని, అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. అదే ఇన్‌పుట్ క్రెడిట్. 84,500 రూపాయల మోటార్లు కొంటే 18 శాతం చొప్పున 15,210 రూపాయల పన్ను పడుతుంది. సరుకు అమ్మిన పార్టీ ఆ బిల్లును తన అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లో చూపిస్తేనే అది మన జీఎస్టీఆర్-2బి స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. 2022 జనవరి 1 నుంచి అందులో కనిపించని బిల్లుకి క్రెడిట్ తీసుకునే వీల్లేదు. పార్టీ చూపించకపోతే ఆ నెలకి ఆ 15,210 షాపు జేబులోంచే పోతుంది. ఒక్క బిల్లుకే ఇంత. ఇలాంటివి నలభై ఉంటే ఆ నెల ఓనర్ మొహం ఎలా ఉంటుందో అకౌంట్స్‌లో పనిచేసినవాళ్లందరికీ తెలుసు.

కాబట్టి ఆ అమ్మాయి ప్రతి నెలా టాలీలోని పర్చేజ్ రిజిస్టర్‌ని ఎక్సెల్‌లోకి తీస్తుంది. పోర్టల్ నుంచి 2బి డౌన్‌లోడ్ చేస్తుంది. రెండింటినీ బిల్లు బిల్లుకీ సరిపోలుస్తుంది. ఆఫీసుల్లో దీన్ని టూబీ రీకో అంటారు. చెప్పడానికి ఒక వాక్యమే గానీ కూర్చుంటే తెలుస్తుంది. పార్టీ తన బిల్లు నంబరును 24-25/0187 అని వేస్తాడు, టాలీలో ఎంట్రీ వేసినవాళ్లు 187 అని కొడతారు. పేర్లు చూసి కలుపుదామంటే ఒకచోట ‘ట్రేడర్స్’ అని, ఇంకోచోట ‘ట్రేడింగ్ కంపెనీ’ అని ఉంటుంది. అందుకే ఆమె పేర్లు వదిలేసి, పార్టీ జీఎస్టీ నంబరునీ బిల్లు నంబరు చివరి అంకెల్నీ కలిపి ఒక కీ తయారు చేసుకుంది.

```
=B2&"|"&VALUE(RIGHT(C2,4))
```

రెండు షీట్లలోనూ ఈ కీ వేసి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి వెతికితే ఎక్కువ బిల్లులు కలిసిపోతాయి. కలవనివి చేతితో చూడాలి. వాటిలో కొన్ని మన తప్పులే, ఎంట్రీలో జీఎస్టీ నంబరు ఒక అక్షరం తేడా పడి ఉంటుంది. కొన్నింటిలో పార్టీ బిల్లును రిజిస్ట్రేషన్ లేని కస్టమర్‌కి అమ్మినట్టు చూపించి ఉంటాడు, అలాంటిది మన 2బిలోకి రానే రాదు. ఇంకొన్నింటిలో షాపుకి విజయవాడలో కూడా బ్రాంచ్ ఉంటే, 36తో మొదలయ్యే తెలంగాణ నంబరు వేయాల్సిన చోట 37తో మొదలయ్యే ఆంధ్రప్రదేశ్ నంబరు వేసేసి ఉంటాడు. ఇక మిగిలినవి పార్టీ అసలు రిటర్నే వేయనివి.

ఇప్పుడు తేదీలు. నెలవారీ రిటర్న్ వేసే పార్టీకి జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11. మనకి 2బి తయారయ్యేది 14న. మనం నెల పన్ను లెక్క చూపించే జీఎస్టీఆర్-3బి వేసి పన్ను కట్టాల్సింది 20న. కొత్తగా పనిలో చేరినవాళ్లు 14న 2బి చూసి, లేని బిల్లుల కోసం 15న పార్టీలకి ఫోన్లు మొదలుపెడతారు. అప్పటికి ఆలస్యమైపోయింది. ఆ పార్టీ 16న బిల్లు ఎక్కించినా అది తర్వాతి నెల 2బిలోకే వస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు గడువు తప్పించే అలవాటున్న పార్టీల జాబితా దగ్గర పెట్టుకుని 11కి ముందే ఫోన్ చేస్తారు. ఆ అమ్మాయి రెండో ఏడాది నుంచి అలాగే చేసింది. నెలకి నలభై దాకా ఉండే పెండింగ్ బిల్లులు పది లోపుకి వచ్చాయి.

ఇంత పనీ ఆమె రెజ్యూమేలో రెండు చోట్ల ఉంది. స్కిల్స్ కింద ‘జీఎస్టీ, అడ్వాన్స్‌డ్ ఎక్సెల్, టాలీ ప్రైమ్’ అని ఉంది. ఉద్యోగం కింద ‘జీఎస్టీ రిటర్నులకు సంబంధించిన పనులు, టాలీ ఎంట్రీలు చూడటం నా బాధ్యత’ అని ఉంది. రెండోది చూడటానికి బుల్లెట్ పాయింటే గానీ నిజానికి అది కూడా లిస్టే, క్రియాపదం తగిలించిన లిస్ట్. దాన్ని ఇలా మార్చి చూడండి. అసలు రెజ్యూమేలో ఇది ఇంగ్లీషులో ఉంటుంది, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

‘నెలకి సుమారు 350 కొనుగోలు బిల్లులను టాలీ ప్రైమ్ నుంచి ఎక్సెల్‌లోకి తీసి జీఎస్టీఆర్-2బితో సరిపోల్చాను. ఆలస్యంగా ఫైల్ చేసే పార్టీలకు 11వ తేదీకి ముందే ఫాలో అప్ పెట్టి, నెలకి 40 దాకా ఉన్న పెండింగ్ బిల్లులను ఏడాదిలో 10 లోపుకి తగ్గించాను.’

ఇందులో కొత్త స్కిల్ ఒక్కటీ లేదు. లిస్ట్‌లో ఉన్న ఆ మూడే ఉన్నాయి. కానీ చదివేవాడికి దొరికేది వేరు. 350 అనే అంకె పని ఎంత పెద్దదో చెబుతోంది. నెలకి 30 బిల్లులైతే ఎక్సెల్ అక్కర్లేదు, కంటితో చూసి టిక్ పెట్టుకోవచ్చు. పదివేలైతే ఈ పద్ధతి సరిపోదు, వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. మా దగ్గర పని ఏ సైజులో ఉందో మాకు తెలుసు కాబట్టి ఆమె ఆ సైజుకి దగ్గరలో ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది. ఆ తర్వాత, మూడు స్కిల్స్ ఒకదానికొకటి ఎలా అతుక్కున్నాయో కనిపిస్తోంది. టాలీలోంచి డేటా తీయడం, ఎక్సెల్‌లో కలపడం, జీఎస్టీ రూల్‌ని బట్టి తేడాని అర్థం చేసుకోవడం, అన్నీ ఒకే పనిలో వరుసగా వచ్చాయి. లిస్ట్‌లో కామాలు ఈ వరుసని చెరిపేస్తాయి. ఎక్సెల్‌ని ఆమె అటెండెన్స్ షీట్‌కి వాడిందో ఇలాంటి రీకోకి వాడిందో లిస్ట్ చెప్పదు.

అన్నిటికంటే నా చూపు ఆగేది 11వ తేదీ దగ్గర. చదివి నేర్చుకున్నవాళ్లు 20 అని రాస్తారు, ఎందుకంటే 3బి గడువు అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. 11కి ముందే ఫోన్ చేయాలన్నది ఒకటి రెండు నెలలు క్రెడిట్ పోగొట్టుకుని, ఓనర్ చేత మాటలు పడ్డవాళ్లకి తెలిసే సంగతి. పని చేయకుండా ఆ వాక్యం తోచడం చాలా కష్టం. స్పెన్స్ అడిగిన కష్టం ఇదే.

లిస్ట్ దాచేసే ఇంకో విషయం కాలం. జీఎస్టీ 2017 జూలై 1న మొదలైంది. అప్పటి నుంచి ఈ క్రెడిట్ రూలే ఎన్నిసార్లు మారిందో చూడండి. 2019 అక్టోబరులో, పార్టీలు చూపించని బిల్లులకి కూడా, చూపించిన వాటి క్రెడిట్‌లో 20 శాతం దాకా అదనంగా తీసుకోవచ్చన్నారు. 2020 జనవరి నుంచి దాన్ని 10 శాతం చేశారు, 2021 జనవరి నుంచి 5 శాతం చేశారు, 2022 జనవరితో ఆ వెసులుబాటే ఎత్తేశారు. 2బి స్టేట్‌మెంట్ అనేదే 2020లో వచ్చింది. అంటే 2019లో ఉద్యోగం మానేసి మళ్లీ ఇప్పుడు వెతుక్కుంటున్న వ్యక్తీ, ఈ నెల రీకో చేసి వచ్చిన వ్యక్తీ, ఇద్దరూ ‘జీఎస్టీ’ అనే రాస్తారు. రెండూ నిజమే. కానీ మొదటివాళ్లకి కొంత మళ్లీ నేర్పించుకోవాలి. లిస్ట్‌కి తేదీ ఉండదు కాబట్టి ఆ తేడా అందులో తెలియదు. అదే మాట 2022 ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా అని రాసిన ఉద్యోగం కింద ఉంటే, ఏ రూల్స్ కాలంలో ఈ పని చేశారో వేరే చెప్పక్కర్లేదు. టాలీ సంగతీ అంతే, ఈఆర్‌పీ 9 పోయి 2020 చివర్లో ప్రైమ్ వచ్చింది.

ఈ తేదీ గొడవ మనుషులకే కాదు, సాఫ్ట్‌వేర్‌కీ ఉంది. పెద్ద కంపెనీల కెరీర్స్ పేజీలో రెజ్యూమే అప్‌లోడ్ చేసినప్పుడు, దాన్ని ముక్కలు చేసి పేరు, చదువు, ఉద్యోగాలు, స్కిల్స్ అని గడుల్లో నింపే ప్రోగ్రాం ఒకటుంటుంది. పార్సర్ అంటారు. టెక్స్ట్‌కెర్నెల్ లాంటి పార్సర్లు ప్రతి స్కిల్‌కీ అది రెజ్యూమేలో ఎక్కడ దొరికింది, ఎన్ని నెలల అనుభవం ఉంది, ఆఖరిసారి ఎప్పుడు వాడారు అనేవి లెక్కగట్టి ఇస్తాయి. ఆ నెలలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ స్కిల్ ఏ ఉద్యోగం కింద కనిపించిందో ఆ ఉద్యోగం తేదీల నుంచే. లిస్ట్‌లో మాత్రమే ఉన్న మాటకి పక్కన తేదీ లేదు, కాబట్టి లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. హైదరాబాద్‌లో అన్ని ఆఫీసులూ ఇలాంటివి వాడవు. చిన్న సంస్థల్లో హెచ్ఆర్ వాళ్లు రెజ్యూమే తెరిచి చదువుతారు, అంతే. కానీ రెండు చోట్లా జరిగేది ఒకటే, మాటని తేదీతో కలిపి చూస్తారు.

మరి లిస్ట్ తీసేయాలా? అక్కర్లేదు. దానికి ఒక పని ఉంది, ఆ పని వరకు ఉంచుకోవాలి. నౌకరీ డాట్ కామ్‌లో రిక్రూటర్ అభ్యర్థుల్ని వెతికేటప్పుడు కీవర్డ్స్ కొడతాడు. ఉదాహరణకి ఇలా:

```
Tally AND "GSTR-2B" AND reconciliation
```

ఈ మాటలు ఎక్కడా లేని రెజ్యూమే బయటికి రాదు, మీరు ఎంత పని చేసినా సరే. లిస్ట్ ఉపయోగపడేది ఇక్కడ. అయితే ఆ మాటలు బుల్లెట్‌లో ఉన్నా రెజ్యూమే దొరుకుతుంది. కాబట్టి బుల్లెట్ బాగా రాసుకున్నవాళ్లకి లిస్ట్ చేసిపెట్టే అదనపు సాయం కొంచెమే. ఒకే పనికి రెండు పేర్లుంటే రెండోదాన్ని అక్కడ పెట్టుకోవచ్చు. బుల్లెట్‌లో టీడీఎస్ అని పొట్టిగా రాసి, లిస్ట్‌లో దాని పూర్తి పేరు రాస్తే, రిక్రూటర్ ఏది కొట్టినా మీరు కనిపిస్తారు. నేను చూసే రెజ్యూమేల్లో లిస్ట్‌ని ఇలా వాడుకునేవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది దాన్ని పొడుగు చేస్తూ పోతారు. ఎంఎస్ వర్డ్, ఇంటర్నెట్, ఈమెయిల్ కూడా చేరుస్తారు. ఐదేళ్ల రీకో పక్కన ఈమెయిల్ అని ఉంటే చదివేవాడికి రీకో మీద ఉన్న గౌరవం కూడా తగ్గుతుంది.

సెర్చ్‌లో దొరికి, షార్ట్‌లిస్ట్ అయ్యాక ఇంటర్వ్యూ. బుల్లెట్ పాయింట్ అసలు పని చేసేది ఇక్కడే అని నా నమ్మకం. లిస్ట్ మాత్రమే ఉన్న రెజ్యూమే ముందు పెట్టుకున్నప్పుడు నేను అడగగలిగిన ప్రశ్న ఒకటే: ‘ఎక్సెల్‌లో ఏమేమి వచ్చు?’ దానికి వచ్చే జవాబు ఇంకో లిస్ట్. వీలుకప్, పివోట్, కండిషనల్ ఫార్మాటింగ్. ఇద్దరికీ టైమ్ వేస్ట్. బుల్లెట్ ఉంటే ప్రశ్న వేరేలా మొదలవుతుంది.

‘బిల్లు నంబర్లు రెండు చోట్లా ఒకేలా ఉండవు కదమ్మా, ఎలా కలిపారు?’

‘చివరి నాలుగు అక్షరాలు తీసుకుని జీఎస్టీ నంబరుకి కలిపాను సార్.’

‘అది ఎక్కడైనా తప్పిందా?’

‘తప్పింది సార్. కొన్ని పార్టీలు ముందు సున్నాలు వేయరు. 24-25/7 అని ఉంటే చివరి నాలుగు అక్షరాలు 25/7 అవుతాయి. ఎక్సెల్ దాన్ని జూలై 25 అనుకుని ఐదంకెల నంబరు ఇచ్చేసేది. మొదట్లో అర్థం కాలేదు. తర్వాత అలాంటి పార్టీలని వేరే షీట్‌లో పెట్టి స్లాష్ తర్వాత ఉన్నదే తీసుకున్నాను.’

‘చివరి అంకెలు ఒకటే ఉన్న బిల్లులు రెండు వస్తే?’

‘వచ్చాయి సార్, పాత ఏడాది బిల్లు ఆలస్యంగా ఎక్కించినప్పుడు. అందుకే కీ కలిసినా పన్ను మొత్తం కూడా చూస్తాను. రూపాయి లోపు తేడా అయితే వదిలేస్తాను, అది రౌండింగ్ తేడా.’

ఈ కాసేపట్లో ఆమె గురించి నాకు తెలిసినంత, ‘అడ్వాన్స్‌డ్ ఎక్సెల్’ అనే మాట వందసార్లు చదివినా తెలియదు. ఆ ప్రశ్న అడగడానికి నాకు దారి ఇచ్చింది ఆమె రాసిన వాక్యమే. ఇంకో లాభం ఆమెకే. ఏ ప్రశ్న వస్తుందో ఆమెకి ముందే తెలుసు. తను బాగా చేసిన పని మీదకే ఇంటర్వ్యూని తీసుకెళ్లగలిగింది. లిస్ట్‌తో వెళ్లినవాళ్లకి ఎటు నుంచి ఏ ప్రశ్న వస్తుందో తెలియక టెన్షన్.

బుల్లెట్ రాస్తే చాలు, నమ్మేస్తారు అనుకోకూడదు. అది ఎక్కువగా చెడిపోయేది అంకెల దగ్గర. ‘సామర్థ్యం 40 శాతం పెంచాను’ అనే వాక్యం ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తోంది. దేని సామర్థ్యం? ముందు ఎంత, తర్వాత ఎంత? ఎవరు కొలిచారు? నలభై బిల్లులు పది అయ్యాయి అన్నప్పుడు లెక్కపెట్టే వస్తువు ఉంది, బిల్లు. శాతం ఒక్కటే రాసినప్పుడు ఆ వస్తువు కనపడదు. అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. అప్పటిదాకా నమ్మిన మిగతా వాక్యాల మీద కూడా అనుమానం వస్తుంది. అంకె గుర్తు లేకపోతే, లేదా బయటికి చెప్పకూడనిదైతే, పనిని ఇంకోలా కొలవచ్చు: ఎన్ని పార్టీలు, ఎన్ని బ్రాంచీలు, రీకోకి ముందు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడు ఎన్ని రోజులు. షాపు టర్నోవర్ రాయక్కర్లేదు, అసలు రాయకూడదు. అది మీ పాత ఓనర్ రహస్యం.

రెండోది, ఎవరి పని అనేది. మన ఊళ్లో చిన్న సంస్థల్లో చాలాచోట్ల రిటర్న్ వేసేది బయటి సీఏ ఆఫీసు. షాపులో అకౌంటెంట్ డేటా సిద్ధం చేసి పంపుతుంది, వాళ్లు చూసి ఫైల్ చేస్తారు. కానీ రెజ్యూమేలో ‘జీఎస్టీ రిటర్నులు ఫైల్ చేశాను’ అని రాస్తారు. ఇంటర్వ్యూలో ‘3బి వేసేటప్పుడు క్రెడిట్ ఏ టేబుల్‌లో వస్తుంది?’ అంటే ఆగిపోతారు. అది నాలుగో టేబుల్, రిటర్న్ చేత్తో వేసినవాళ్లకి ఆలోచించకుండా వస్తుంది. చూడండి, ఇక్కడ వాళ్లకి పని రాక కాదు. తాము చేసిన కష్టమైన భాగాన్ని వదిలేసి, వేరేవాళ్లు చేసిన తేలిక భాగాన్ని తమది అని రాసుకున్నారు. రీకో చేసి, తేడాలు తేల్చి, సీఏ ఆఫీసుకి ఫైనల్ షీట్ పంపాను అని ఉన్నదున్నట్టు రాస్తే అది తక్కువేం కాదు. చాలా పోస్టులకి మాకు కావాల్సింది అదే. లిస్ట్‌లో అయితే ఈ వాటా చెప్పే చోటే లేదు. ‘జీఎస్టీ’ అంటే సిద్ధం చేయడమా, ఫైల్ చేయడమా, నోటీసుకి జవాబు రాయడమా? మూడింటికీ అదే మాట.

ఇంకో లోపం ఒకే వాక్యంలో అన్నీ కుక్కడం. ‘టాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, ఎస్ఏపీ, బ్యాంక్ పోర్టల్ వాడి నెలవారీ క్లోజింగ్ చేశాను’ అని రాస్తే స్కిల్స్ లిస్టే ఉద్యోగం కిందకి వచ్చి కూర్చున్నట్టు. దేనితో ఏం చేశారో తెలియదు. నా మటుకు నేను ఒక బుల్లెట్‌లో ఒక పనే వెతుకుతాను. ఆ పనిలో ఎన్ని స్కిల్స్ సహజంగా వస్తే అన్ని, వాటి కోసం పనిని సాగదీయక్కర్లేదు. ఐదేళ్ల ఉద్యోగానికి ఇలాంటి బుల్లెట్లు నాలుగైదు ఉంటే చాలు. టీడీఎస్ మీద ఒకటి, నెలకి ఎన్ని పేమెంట్లలో కట్ చేసి తర్వాతి నెల 7లోపు కట్టించారో. బ్యాంక్ రికన్సిలియేషన్ మీద ఒకటి, ఎన్ని అకౌంట్లో, ఎంత పాత ఎంట్రీలు తేల్చారో.

ఏ ఉద్యోగం కిందా పట్టని స్కిల్ ఉంటే? కొత్తగా పవర్ బీఐ నేర్చుకున్నారు, ఆఫీసులో ఇంకా వాడలేదు. అది లిస్ట్‌లో పెట్టుకోవచ్చు, పక్కన ‘కోర్సు, 2025’ అని నిజం రాస్తే ఇంకా మంచిది. దాన్ని లాక్కొచ్చి పాత ఉద్యోగం కింద పెడితే మాత్రం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత మేనేజర్‌కి ఫోన్ వెళ్లినప్పుడు దొరికిపోతారు.

ఉద్యోగమే చేయని ఫ్రెషర్ల మాట వేరు. వాళ్ల దగ్గర ఉద్యోగం లేదు గానీ పని ఉండొచ్చు. సీఏ ఆఫీసులో ఆర్టికల్‌షిప్ చేసినా, ఇంటర్న్‌షిప్ చేసినా, నాన్నగారి కిరాణా కొట్టు లెక్కలు ఏడాదిపాటు టాలీలో ఎక్కించినా, దానికి తేదీలున్నాయి, సైజు ఉంది, అడిగితే చెప్పేవాళ్లున్నారు. ‘కుటుంబ దుకాణం, కూకట్‌పల్లి, 2024 జూన్ నుంచి’ అని హెడ్డింగ్ పెట్టి, కింద రోజుకి ఎన్ని అమ్మకాలు ఎక్కించారో, నెలాఖరుకి స్టాక్ ఎలా తేల్చారో రాస్తే, నేను దాన్ని అనుభవం కిందే చదువుతాను. కోర్సులో చేసిన ప్రాక్టీస్ కంపెనీ డేటాని మాత్రం అలా రాయకండి, ప్రాక్టీస్ అనే రాయండి. ఒక్క ఇన్‌స్టిట్యూట్ నుంచే అదే ప్రాక్టీస్ కంపెనీ, అవే అంకెలు పదిమంది రెజ్యూమేల్లో వస్తాయి, చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

రెజ్యూమే సరిచేశాక నౌకరీ ప్రొఫైల్ కూడా తెరవండి. అందులో ఐటీ స్కిల్స్ దగ్గర ప్రతి స్కిల్‌కీ వెర్షన్, ఆఖరిసారి వాడిన ఏడాది, ఎంత అనుభవం అని గడులుంటాయి. చాలామంది స్కిల్ పేరు ఒక్కటే నింపి మిగతావి ఖాళీగా వదిలేస్తారు. టాలీకి ప్రైమ్ అనీ, ఏడాది దగ్గర ఈ ఏడాదీ, అనుభవం దగ్గర మీ ఉద్యోగ తేదీలతో సరిపోయే నెలలూ వేయండి. అక్కడి నెలలకీ రెజ్యూమేలోని తేదీలకీ తేడా వస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.